ఆ రోజు ఎవరొచ్చారు, ఎవరు రాలేదు

ఇల్లు కట్టించేటప్పుడు పెద్ద గొడవలు పని మధ్యలో రావు, చివరి బిల్లు దగ్గర వస్తాయి. అప్పటిదాకా మేస్త్రీకి పని కావాలి, యజమానికి ఇల్లు కావాలి. ఇద్దరూ సర్దుకుపోతారు. రంగులు వేయడం అయిపోయి, గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాక అసలు మాటలు బయటికి వస్తాయి. ‘స్లాబు తొమ్మిది రోజులు లేటు చేశావు’ అని యజమాని, ‘స్టీలు మీరే కదా సార్ లేటుగా దింపింది, పైగా వానాయె’ అని మేస్త్రీ. ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు. నాలుగు నెలల కిందటి జూలైలో ఏ రోజు ఏం జరిగిందో ఇద్దరికీ గుర్తుండదు. ఎవరికి వారికి తమకు జరిగిన నష్టమే గుర్తుంటుంది.

పెద్ద కంపెనీల సైట్లలో ఇలాంటి వేళ తీసి చూసేది సైట్ డైరీని. రోజూ సాయంత్రం పని ముగిశాక ఒక పేజీ రాస్తారు. ఎంతమంది వచ్చారు, వాతావరణం ఎలా ఉంది, ఏ సరుకు దిగింది, ఏ పని ఎందుకు ఆగింది అనే నాలుగు విషయాలూ అందులో ఉంటాయి. రెండు వందల గజాల్లో ఇల్లు కట్టించుకునేవాళ్లు దీన్ని దాదాపు ఎవరూ రాయరు. కొందరు రాసినా ‘వాన. పని కాలేదు’ అని ముగిస్తారు. అలాంటి పేజీ వివాదంలో దేనికీ పనికిరాదు. ఎందుకో తెలియాలంటే ఒక ఉదాహరణను రోజువారీగా చూడాలి.

తెలంగాణలో ఒక చిన్న పట్టణం, జూలై నెల అనుకుందాం. లేబర్ కాంట్రాక్టు. అంటే సిమెంటు, స్టీలు, ఇసుక యజమాని తెప్పించాలి, పని మేస్త్రీ చేయించాలి. మొదటి స్లాబుకు వేసుకున్న లెక్క ఇది: 1 నుంచి 7 దాకా సెంట్రింగ్, 8 నుంచి 13 దాకా కడ్డీలు కట్టడం, 14న కరెంటు పైపులు, 15న కాంక్రీటు. కాంక్రీటు నిజంగా పడింది 24న. ఆలస్యం తొమ్మిది రోజులు. ఒప్పందం ప్రకారం ఆలస్యమైన ప్రతి రోజుకూ వెయ్యి రూపాయలు కోత. కాబట్టి యజమాని 9,000 పట్టుకుంటానన్నాడు. మేస్త్రీ ఎదురు లెక్క చెప్పాడు. స్టీలు ఆరు రోజులు లేటు, అయిదుగురు రాడ్ బెండర్లు ఆరు రోజులు ఖాళీ, మనిషికి రోజుకు 900 చొప్పున 27,000 తనకే రావాలన్నాడు.

సైటు చూసుకునే కుర్రాడు ఒకడు రోజూ డైరీ రాశాడు. అందులో ఉన్నది ఇది.

జూలై 3 దాకా సెంట్రింగ్ పని అనుకున్నట్టే నడిచింది. 4న సెంట్రింగ్ ముఠా రాలేదు. ‘ఉదయం 9.40కి మేస్త్రీకి ఫోన్. ఊళ్లో నాట్లు పడుతున్నాయి, మనుషులు దొరకడం లేదు, రేపు పంపుతానన్నారు.’ 5న రాలేదు, 6న రాలేదు, 7న రాలేదు. 8న ఆరుగురు వచ్చి మళ్లీ మొదలుపెట్టారు. అదే 8న ఇంకో పద్దు ఉంది. ‘రాడ్ బెండర్లు అయిదుగురు 8.30కి వచ్చారు. స్టీలు లేదు. దక్షిణం వైపు సెంట్రింగ్ కూడా కాలేదు. 11 గంటలకు వెళ్లిపోయారు.’ 9, 10, 11 తేదీల్లో రాడ్ బెండర్లు రాలేదు. 11 సాయంత్రం సెంట్రింగ్ పూర్తయింది. 12న ‘స్టీలు వస్తుందని యజమాని చెప్పడంతో రాడ్ బెండర్లు అయిదుగురు వచ్చారు. మధ్యాహ్నం 3 దాకా ఉన్నారు. లారీ రాలేదు.’ 13న వాళ్లు రాలేదు. ఆ రాత్రి 8.15కి స్టీలు దిగింది. 14 నుంచి 19 దాకా కడ్డీల పని, 20న పైపులు. 21న తెల్లవారుజామున 4 గంటలకు వాన మొదలైంది. 22 మధ్యాహ్నం 2 గంటలకు ఆగింది. 23న షీట్ల మీద నీళ్లు తోడి, ప్రాప్స్ కింద మట్టి కుంగిన రెండు చోట్ల చెక్కలు మార్చి, లెవెల్ మళ్లీ చూశారు. 24న స్లాబు పడింది.

ఇప్పుడు లెక్క కట్టవచ్చు. ఒక్కొక్క ఆలస్యాన్నీ పక్కన పెట్టి, అది లేకపోతే ఏమయ్యేదని అడగడం ఇందులోని పద్ధతి. స్టీలు వేళకు వచ్చి, సెంట్రింగ్ ముఠా మాత్రమే ఎగ్గొట్టి ఉంటే? సెంట్రింగ్ 11న అయ్యేది, కడ్డీలు 12 నుంచి 17, పైపులు 18, స్లాబు 19న. అంటే వాన రాకముందే అయిపోయేది, ఆలస్యం నాలుగు రోజులే. ముఠా మానకుండా వచ్చి, స్టీలు మాత్రమే 13 రాత్రి దిగి ఉంటే? కడ్డీలు 14 నుంచి 19, పైపులు 20, స్లాబు 21న పడాలి. ఆ రోజు వాన. అంటే స్టీలు ఆలస్యం ఒక్కటే చాలు, ఈ తొమ్మిది రోజులూ పోవడానికి. ముఠా మానేసిన నాలుగు రోజులు దాని నీడలోనే ఉన్నాయి.

కాబట్టి యజమాని కోత నిలవదు. అలాగని మేస్త్రీ 27,000 కూడా నిలవదు. 8న రాడ్ బెండర్లు వచ్చి తిరిగి వెళ్లారు నిజమే. కానీ ఆ రోజు స్టీలు ఉన్నా కట్టడానికి సెంట్రింగ్ లేదు. వాళ్లను పిలవడమే మేస్త్రీ తప్పు. 9, 10, 11, 13 తేదీల్లో వాళ్లసలు రాలేదు. వేరే చోట పనికి పోయారో ఇంట్లో ఉన్నారో డైరీకి తెలియదు. రానివాళ్లకు ఖాళీ కూలి ఎవరూ ఇవ్వరు. మిగిలింది 12వ తేదీ ఒక్కటే. మేస్త్రీ వైపు పని సిద్ధంగా ఉంది, యజమాని మాట మీద మనుషులు వచ్చారు, సరుకు రాలేదు. అయిదుగురికి ఒక రోజు, 4,500. రెండు లెక్కలూ కలిపి 36,000 తేడా ఉన్న గొడవ 4,500 దగ్గర తేలింది.

ఇద్దరి ఆలస్యాలూ ఒకేసారి నడిచిన రోజులకు గడువు పెంచడం, డబ్బు మాత్రం ఇప్పించకపోవడం నిర్మాణ వివాదాల్లో తరచు పాటించే పద్ధతి. బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2002లో తెచ్చి 2017లో సవరించిన మార్గదర్శకం దాదాపు ఇదే చెబుతుంది. అయితే ఆ సూత్రం వాడాలంటే ఏ రోజు ఎవరి వల్ల ఏది ఆగిందో విడివిడిగా తెలియాలి. పై డైరీలో ‘స్టీలు లేదు. సెంట్రింగ్ కూడా కాలేదు’ అని పక్కపక్కనే రాసిన రెండు చిన్న వాక్యాల వల్లే ఈ తీర్పు సాధ్యమైంది. అందులో మొదటిది యజమానికి వ్యతిరేకం, రెండోది మేస్త్రీకి వ్యతిరేకం. రాసిన కుర్రాడికి ఆ రోజు ఏది ఎవరికి పనికొస్తుందో తెలియదు. ఆ తెలియకపోవడమే ఆ పేజీకి విలువ తెచ్చింది.

వాన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. వాన పడటం వేరు, వాన వల్ల పని ఆగడం వేరు. లోపల ప్లాస్టరింగ్ నడుస్తున్న ఇంటికి బయట వాన పడితే పని ఆగదు. తెల్లవారుజామున పడి ఏడు గంటలకు ఆగిన వానకు గోడకట్టు ఒక రోజంతా ఆగనక్కర్లేదు. అదే పునాది గుంతల్లో నీళ్లు నిలిస్తే వాన ఆగిన రెండు రోజులకు కూడా పని సాగదు. అందుకే ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ పని ఆగింది, ఆ మనుషుల్ని ఇంకో పనికి మార్చారా, మళ్లీ ఎప్పుడు మొదలైంది అని రాయాలి. మన ఉదాహరణలో 23న చినుకు లేదు. అయినా ఆ రోజు పోయింది. నీళ్లు తోడి, ప్రాప్స్ సరిచేసిన వివరం లేకపోతే ‘ఎండ కాసిన రోజు ఖాళీగా కూర్చున్నారు’ అని యజమాని అనేవాడు.

వాన రోజుల్ని ఎదుటివాళ్లు వాతావరణ శాఖ లెక్కలతో పోల్చి చూస్తారు. అక్కడ ఒక చిక్కుంది. భారత వాతావరణ శాఖ వర్షపాతాన్ని ఉదయం 8.30కి కొలుస్తుంది. అంతకుముందు 24 గంటల్లో పడ్డదంతా ఆ తేదీ కిందకే వెళుతుంది. అంటే 21వ తేదీ మధ్యాహ్నం కురిసిన వాన వాళ్ల లెక్కలో 22వ తేదీదవుతుంది. ఇది తెలియక డైరీయే అబద్ధమని వాదించేవాళ్లు ఉంటారు. డైరీలో గంటలు రాసి ఉంటే ఆ వాదన అక్కడే ఆగిపోతుంది. ఇంకో సంగతి. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ దాన్ని వర్షం పడిన రోజుగా లెక్కిస్తుంది, 64.5 దాటితే భారీ వర్షమంటుంది. వానస్టేషను మన సైటుకు పది కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. అక్కడ ఎండ, ఇక్కడ వాన కావడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. అందుకే నీళ్లు నిలిచిన ఫొటో ఒకటి ఉండటం మంచిది.

కూలీల విషయంలో మొత్తం సంఖ్య వేసి ఊరుకోకూడదు. ‘12 మంది’ అంటే ఏమీ తెలియదు. తాపీ మేస్త్రీలు ఎంతమంది, హెల్పర్లు ఎంతమంది, సెంట్రింగ్ వాళ్లు ఎవరు, ఎవరు ఏ వైపు పనిచేశారు, సాయంత్రానికి పని ఎక్కడిదాకా వచ్చింది అనేవి ఉండాలి. ‘ఇద్దరు తాపీ, ముగ్గురు హెల్పర్లు, తూర్పు గోడ తొమ్మిది ఇంచులది, మూడడుగులు లేచింది’ అంటే చాలు. తర్వాత ఎవరైనా మనుషుల్ని ఎక్కువ చూపించి బిల్లు వేస్తే ఆ మూడడుగులే పట్టిస్తాయి. కేంద్ర ప్రజా పనుల శాఖ ఒప్పందాల్లో కాంట్రాక్టరు ప్రతి నెలా 4న, 19న ఎంతమందితో పని చేయించాడో, ఎంత కూలి ఇచ్చాడో రాసి ఇవ్వాలన్న నిబంధన ఉంది. రోజువారీ హాజరు లేకుండా ఆ కాగితం నింపడమంటే ఊహించి రాయడమే.

సరుకు దిగినప్పుడు చలాను జేబులో పెట్టుకుని ఊరుకోవడం మామూలు. చలాను దుకాణం వాళ్ల మాట, డైరీ మన మాట. స్టీలు లారీ వస్తే వేబ్రిడ్జి చీటీ మీద బరువు ఉంటుంది. దాన్ని నమ్మేముందు కడ్డీలు లెక్కపెట్టి రాసుకుంటే మంచిది. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం కడ్డీకి 0.89 కిలోలు. 12 మీటర్ల నిడివి కడ్డీ ఒకటి పది కిలోల ఏడు వందల గ్రాముల దాకా తూగుతుంది. వంద కడ్డీలు దిగితే టన్నుకు కాస్త పైన ఉండాలి. చీటీలో టన్నున్నర ఉంటే దిగిన గంటలోనే ఫోన్ చేయాలి, చేసిన సంగతి రాయాలి. రెండు నెలల తర్వాత ఆ కడ్డీలు స్లాబులో ఉంటాయి, ఎవరూ లెక్కపెట్టలేరు.

రెడీమిక్స్ తెప్పిస్తే గంటలు ఇంకా ముఖ్యం. ప్లాంటులో కలిపిన వేళ టికెట్టు మీద ఉంటుంది. సైటుకు వచ్చిన వేళ, దించడం ముగిసిన వేళ మనం రాసుకోవాలి. సాధారణంగా లోడు చేసిన రెండు గంటల్లోపు దించాలన్నది భారత ప్రమాణంలోని నియమం. రేపు స్లాబులో లోపం కనిపిస్తే లారీ దారిలో ఆలస్యమైందా, వచ్చాక మనవాళ్లే గేటు దగ్గర నిలబెట్టారా అన్నది ఆ మూడు వేళలే చెబుతాయి.

ఇక డైరీని ఎవరు నమ్ముతారన్న ప్రశ్న. అదే రోజు రాసినదానికీ తర్వాత గుర్తు చేసుకుని రాసినదానికీ ఉన్న తేడా మీద ఒక ప్రసిద్ధ తీర్పు ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లండ్ దీవుల్లో ప్రభుత్వానికీ గోర్డన్ ఫోర్బ్స్ అనే నిర్మాణ సంస్థకూ మధ్య జరిగిన కేసది. సంఘటన జరిగినప్పుడో, ఆ దరిదాపుల్లోనో తయారైన పత్రాలే సమకాలిక రికార్డులని, అవి లేని చోటును తర్వాత ఇచ్చే సాక్షుల వాంగ్మూలాలతో పూడ్చలేరని అక్కడి సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. ఫిడిక్ అనే అంతర్జాతీయ నమూనా ఒప్పందం మీద వచ్చిన తీర్పు కాబట్టి గల్ఫ్ సైట్లలో పనిచేసే మన ఇంజనీర్లకూ ఈ మాట అక్కరకొస్తుంది.

మన దేశంలో హవాలా డైరీల కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1998లో సుప్రీంకోర్టు విడి కాగితాలను ఖాతా పుస్తకంగా ఒప్పుకోలేదు. పుస్తకంలో ఉన్న పద్దయినా సరే, అదొక్కటే ఒకరి మీద బాధ్యత మోపడానికి చాలదంది. అది సైట్ డైరీల గురించి కాదు, ఖాతాల గురించి. కానీ అందులోంచి తీసుకోవలసిన జాగ్రత్త ఇక్కడా పనిచేస్తుంది. కుట్టిన పుస్తకం వాడాలి, పేజీలకు నంబర్లు వేయాలి, తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. డైరీకి తోడు చలాను, ఫొటో, ఫోన్ కాల్ వంటి వేరే ఆధారం ఒక్కటైనా ఉండాలి. డైరీ రాసినవాడు సాక్షిగా బోనెక్కితే, అప్పట్లో తాను రాసుకున్న పేజీ చూసి జ్ఞాపకం తెచ్చుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. కాబట్టి ఎవరు రాశారో తెలిసేలా రోజూ సంతకం ఉండాలి.

దొంగ డైరీని పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకు కష్టం కాదు. నెలంతా ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే తీరు. పని లేని రోజు ఒక్కటీ ఉండదు. అన్ని పేజీల్లోనూ తప్పు ఎదుటివాడిదే. అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది ఇంకొకటి. 12వ తేదీ పేజీలో ‘ఈ స్టీలు ఆలస్యం వల్లే స్లాబు వానలో చిక్కుకుంది’ అని ఉంటుంది. 12న వాన సంగతి ఎవరికి తెలుసు? కోపంతో రాసినవి కూడా నిలవవు. ‘మేస్త్రీ మోసగాడు’ అన్న మాట చదివిన మధ్యవర్తికి రాసినవాడి మీదే అనుమానం వస్తుంది. ‘9.40కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, 11కి మళ్లీ చేశాను’ అంటే చాలు, మిగతాది ఆయనకే అర్థమవుతుంది.

ఎదుటివాళ్ల సంతకం దొరికితే అంతకన్నా బలం లేదు. ప్రభుత్వ పనుల్లో అవాంతరాల రిజిస్టరు ఉంచేది అందుకే. ఏ అడ్డంకి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తొలగింది అన్నదాని మీద రెండు పక్షాలూ సంతకాలు చేస్తాయి. ఇంటి పనిలో రోజూ సంతకం అడిగితే మేస్త్రీ నొచ్చుకోవచ్చు. ‘నన్ను నమ్మరా సార్’ అంటాడు. దానికి బదులు సాయంత్రం పేజీ ఫొటో తీసి ఆయన వాట్సాప్‌కు పంపండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, కానీ తనకసలు తెలియదని తర్వాత అనలేడు. ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తీసిన వేళ, చోటు వంటి వివరాలు పోతాయి. అసలు ఫొటో ఫోన్లోనే ఉంచుకోవాలి. కోర్టుదాకా వెళితే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్టు కావాలి.

డైరీ చేయలేని పని ఒకటుంది. అది నోటీసుకు బదులు కాదు. మన పుస్తకంలో మనం రాసుకున్నంత మాత్రాన ఎదుటివాడికి చెప్పినట్టు కాదు. కేంద్ర ప్రజా పనుల శాఖ ఒప్పందంలో, ఆలస్యానికి కారణమైన సంఘటన జరిగిన 14 రోజుల్లోపు కాంట్రాక్టరు గడువు పెంపు కోసం రాతపూర్వకంగా అడగాలి. 1999 ఫిడిక్ ఒప్పందంలో అది 28 రోజులు. యజమానికీ ఇలాంటిదే ఒకటుంది, చాలామందికి తెలియదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను ప్రకారం, గడువు కీలకమైన ఒప్పందంలో గడువు దాటాక కూడా పని చేయించుకోవడానికి యజమాని ఒప్పుకుంటే, ఒప్పుకునే ఆ వేళకే పరిహారం అడుగుతానని చెప్పి ఉండాలి. ఏమీ అనకుండా పని చేయించుకుని చివరి బిల్లులో కోత వేస్తే ఆ సెక్షనే అడ్డొస్తుంది. మన ఉదాహరణలో యజమాని జూలై 15 దాటిన రోజునే ఒక చిన్న మెసేజ్ పెట్టి ఉండాల్సింది. డైరీలో ఎంత వివరంగా రాసినా ఆ లోటు తీరదు.

చివరగా, ఇల్లు పూర్తయ్యాక ఆ పుస్తకాన్ని పాత పేపర్లలో వేయకండి. చేసిన పనికి డబ్బు కోసమైనా, ఒప్పందం తప్పినందుకు పరిహారం కోసమైనా దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. మధ్యలో కొంత చెల్లించి రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. చివరి చెల్లింపు అయ్యాక కనీసం మూడేళ్లు డైరీని, చలాన్లను, ఫొటోలున్న ఫోన్ను దాచి ఉంచండి.